సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యమంటున్నారు సరే, లోపల ఏం చదువుతున్నారో అదీ చెప్పండి

గేమ్ కంపెనీల యాంటీ-చీట్ టీములకు,

నమస్తే. నేను విజయవాడలో పీసీలు అసెంబుల్ చేసి, పాడైతే బాగుచేసే వాడిని. మీ గేముల్లో చీటర్లని పట్టుకోవద్దని చెప్పడానికి రాయట్లేదు, పట్టుకోండి, ఇంకా గట్టిగా పట్టుకోండి. నా గొడవ వేరే. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు వాలరెంట్ ఆ విండోస్ మీద ఆడాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రామ్‌ని బూట్‌లోనే ఆపే సెక్యూర్ బూట్ రెండూ ఉండాల్సిందే అంది. 2025లో బ్యాటిల్‌ఫీల్డ్ 6 అదే అడిగింది, ఆ నవంబర్‌లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 7 కూడా అదే అడిగింది. ఇవాళ పెద్ద షూటర్ గేమ్ ఏది ఇన్‌స్టాల్ చేసినా ముందు బయోస్‌లోకి వెళ్లి రావాల్సిందే అన్నట్టుంది పరిస్థితి. అడిగేది మీరు, కానీ ఎందుకు అడుగుతున్నారో, ఆన్ చేశాక అందులోంచి ఏం తీసుకుంటారో ఆటగాడికి అర్థమయ్యేలా చెప్పేవాడు మాత్రం ఎవడూ కనిపించడు. ఆ ఖాళీని పుకార్లు నింపుతున్నాయి. ఒకడు టీపీఎం అంటే మన ఫోటోలు చూసే చిప్ అంటాడు, ఇంకొకడు విండోస్ అమ్ముకోడానికి వేసిన నాటకం అంటాడు, మూడోవాడు కొత్త మదర్‌బోర్డు కొనాల్సిందే అని కుర్రాళ్ల దగ్గర డబ్బులు లాగుతాడు.

కాబట్టి మీరు చెప్పాల్సింది నాకు తెలిసినంతవరకు నేనే చెప్తాను, ఆ తర్వాత నా డిమాండ్లు.

మీ బాధ నాకు అర్థమయ్యేదే. యాంటీ-చీట్ డ్రైవర్ విండోస్ కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో కూర్చుంటుంది, గేమ్ మెమరీని ఎవరు తాకుతున్నారో అక్కణ్ణుంచి చూస్తుంది. చీట్ రాసేవాడూ కెర్నెల్‌లోకే రావాలనుకుంటాడు, కానీ సంతకం లేని డ్రైవర్‌ని విండోస్ లోడ్ చెయ్యదు. దానికి వాడు కనిపెట్టిన దారి ఏంటంటే విండోస్ కంటే ముందే లేవడం. పెన్‌డ్రైవ్‌లో చిన్న ఈఎఫ్ఐ ప్రోగ్రామ్ పెట్టి దాని మీద బూట్ చేస్తాడు. అది విండోస్ బూట్ లోడర్‌ని మెమరీలోనే మార్చేసి, సంతకాలు చెక్ చేసే భాగాన్ని గుడ్డిదాన్ని చేసి, తన కోడ్‌ని కెర్నెల్ పక్కన పెట్టేసి, అప్పుడు తీరిగ్గా విండోస్‌ని లేపుతుంది. మీ డ్రైవర్ నిద్ర లేచే సరికి ఇల్లంతా సర్దేసి ఉంటుంది. వాలరెంట్ యాంటీ-చీట్ వాన్‌గార్డ్ లాంటివి బూట్‌లోనే లోడ్ అవుతాయి, నిజమే, కానీ అవి కూడా విండోస్ మొదలయ్యాకే కదా లేచేది.

సెక్యూర్ బూట్ ఆపేది సరిగ్గా దీన్నే. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో ఎవరి సంతకాలని నమ్మాలో ఒక జాబితా ఉంటుంది, దాని పేరు `db`. ఎవరిని నమ్మకూడదో ఇంకో జాబితా, దాని పేరు `dbx`. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే పెన్‌డ్రైవ్‌లోని ఆ ఈఎఫ్ఐ ప్రోగ్రామ్ సంతకం `db`లో దొరకదు, ఫర్మ్‌వేర్ దాన్ని నడపదు, అంతే. ఇది ఆటగాడి డేటా ఏదీ చదవదు, ఎవరికీ ఏదీ పంపదు, బూట్ అయ్యే ఫైల్ సంతకం చూస్తుంది, ఒప్పుకుంటుంది లేదా ఆపేస్తుంది.

ఇక్కడ తెలివైన కుర్రాడు ఒక ప్రశ్న వేస్తాడు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో గేమ్ విండోస్‌ని అడిగితే సరిపోదా, మధ్యలో టీపీఎం ఎందుకు? మనం `msinfo32` తెరిచినా, పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి ఈ ముక్క కొట్టినా సమాధానం వస్తుంది కదా:

```
Confirm-SecureBootUEFI
```

`True` అని వస్తుంది. కానీ ఆ సమాధానం చెప్పేది విండోస్. చీట్ విండోస్ కంటే ముందే లేచి కెర్నెల్‌ని చేతిలోకి తీసుకుని ఉంటే, సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉన్నా `True` అనే చెప్పిస్తుంది. దొంగని పట్టుకోవాలని వెళ్లి దొంగనే అడిగినట్టు. అందుకే విండోస్ మాట మీద ఆధారపడని సాక్షి ఒకటి కావాలి, టీపీఎం ఆ పనికే ఉంది.

ఇది అసలు సంగతి కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. టీపీఎం లోపల పీసీఆర్ అనే గళ్లు 24 ఉంటాయి, 0 నుంచి 23 దాకా. మెషీన్ ఆన్ చేసినప్పుడు మనకి సంబంధించినవి సున్నాతో మొదలవుతాయి. ఆ తర్వాత బూట్‌లో ప్రతి అడుగూ, తన తర్వాత నడవబోయేదాని హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి అంకె, తీసి టీపీఎంకి ఇచ్చి, ఆ పైనే దాన్ని నడుపుతుంది. టీపీఎం ఆ విలువని గడిలో రాయదు, పాతదానితో కలిపి మళ్లీ హ్యాష్ చేస్తుంది:

```
PCR = SHA256( PCR || measurement )
```

ఇందులో ఉన్న కిటుకు చూడండి. గడిలోకి కలపడం తప్ప, మనకి కావలసిన విలువ రాసుకునే కమాండ్ లేదు. ఈ గళ్లని వెనక్కి తిప్పాలంటే మెషీన్ రీస్టార్ట్ చెయ్యాలి, అప్పుడు మళ్లీ మొదటి అడుగు నుంచీ కొలతలు పడతాయి. చీట్ లేచాక ఎంత శక్తిమంతుడైనా, తాను లేవకముందు టీపీఎంలో పడిన కొలతని చెరపలేడు. వాణ్ణి లేపిన అడుగే వాడి హ్యాష్‌ని గడిలో వేసేసి ఉంటుంది.

మీకు ముఖ్యమైన గడి ఏడోది. పీసీఆర్ 7లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా, ప్లాట్‌ఫామ్ తాళం ఏది, `db`, `dbx` జాబితాల్లో ఏముంది, విండోస్ బూట్ లోడర్‌ని ఏ సర్టిఫికెట్ ఆధారంగా ఒప్పుకున్నారు, ఇవన్నీ పడతాయి. 0లో ఫర్మ్‌వేర్ కోడ్, 4లో బూట్ మేనేజర్. 11 నుంచి 14 దాకా విండోస్ తన సంగతులు తానే కొలుస్తుంది: టెస్ట్ సైనింగ్ ఆన్ చేశారా, బూట్ డీబగ్గింగ్ ఆన్‌లో ఉందా, బూట్‌లో ఏ మాడ్యూల్స్ లోడ్ అయ్యాయి, ఇలాంటివి. గడిలో మిగిలేది హ్యాష్ మాత్రమే కాబట్టి, ఏ కొలత తర్వాత ఏది పడిందో వరసగా రాసిన లాగ్ ఒకటి పక్కనే ఉంటుంది. నమ్మకం లేకపోతే `C:\Windows\Logs\MeasuredBoot` ఫోల్డర్ తెరిచి చూడండి, ప్రతి బూట్‌కీ ఒక ఫైల్ పడి ఉంటుంది. మామూలు నోట్‌ప్యాడ్‌లో అర్థం కాదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు మీ సర్వర్ ఏం చేస్తుందంటే, అప్పటికప్పుడు పుట్టించిన ఒక అంకె పంపుతుంది. టీపీఎం తన గళ్ల విలువలనీ, ఆ అంకెనీ కలిపి, బయటికి రాని తన తాళంతో సంతకం చేసి ఇస్తుంది. అంకె ప్రతిసారీ కొత్తది కాబట్టి నిన్నటి మంచి సంతకాన్ని దాచుకుని ఇవాళ చూపించడం కుదరదు. సర్వర్ ఆ లాగ్ తీసుకుని మొదటి నుంచీ హ్యాష్‌లు తానే కలుపుకుంటూ వస్తుంది. చివరికి వచ్చిన విలువ, సంతకం ఉన్న విలువ ఒకటే అయితే లాగ్ నిజం. లాగ్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ అని ఉంటే దొరికాడు. లాగ్‌ని దిద్దితే లెక్క కుదరదు, అప్పుడూ దొరికాడు. కాల్ ఆఫ్ డ్యూటీ యాంటీ-చీట్ రికోషే వాళ్లు ఈ తనిఖీని మైక్రోసాఫ్ట్ అజూర్ సర్వర్లతో చేయిస్తున్నామని బయటికే చెప్పారు, మంచిది. అంటే పరీక్ష ఆటగాడి మెషీన్‌లో కాదు, చీటర్ చెయ్యి అందని చోట జరుగుతుంది.

ఇందులో ఎక్కడైనా ఫోటోలు కనిపించాయా? పాస్‌వర్డ్‌లు, వాట్సాప్, బ్రౌజర్ హిస్టరీ? గళ్లలో ఉన్నవి బూట్‌కి సంబంధించిన హ్యాష్‌లే. టీపీఎంకి ఆటగాడి హార్డ్‌డిస్క్‌లో ఏముందో చూసే దారి కూడా లేదు, అది ఇచ్చింది కలుపుకుని అడిగినప్పుడు సంతకం పెట్టే చిప్, దానంతట అది వెళ్లి ఏదీ వెతకదు. ఈ ఒక్క పేరా మీరు మీ సపోర్ట్ పేజీలో రాసి ఉంటే సగం పుకార్లు ఉండేవి కావు.

అయితే ఇక్కడే మీరూ కాస్త నిజాయితీగా ఉండాలి. టీపీఎం ఫైళ్లు చూడదు అన్నంత మాత్రాన మీ కెర్నెల్ డ్రైవర్ చూడలేదని కాదు. కెర్నెల్‌లో కూర్చున్నది ఏదైనా చూడగలదు, ఎంతవరకు చూస్తుందన్నది మీ పాలసీ, మీ మాట. ఆటగాడు టీపీఎం గురించి అడిగితే చిప్ సంగతి చెప్పి, డ్రైవర్ సంగతి దాటేస్తున్నారు. రెండూ వేరువేరు ప్రశ్నలు, రెండిటికీ సమాధానం కావాలి.

ఇక టీపీఎం నుంచి వచ్చేవాటిలో మీరు అసలు నోరు విప్పనిది ఒకటుంది. ప్రతి టీపీఎంలోనూ తయారైనప్పటి నుంచీ ఉండే ఎండార్స్‌మెంట్ తాళం. దాని లోపలి సగం బయటికి రాదు, బయటి సగాన్ని ఎవరైనా చదవొచ్చు, తయారీ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ కూడా దానికి ఉంటుంది. అడ్మిన్ పవర్‌షెల్‌లో చూసుకోవచ్చు:

```
Get-TpmEndorsementKeyInfo -HashAlgorithm sha256
```

అక్కడ `PublicKeyHash` అని వచ్చేదే ఆ మెషీన్‌కి చెరగని నంబర్. హార్డ్‌డిస్క్ సీరియల్, నెట్‌వర్క్ కార్డ్ అడ్రస్ లాంటివి మార్చి చూపించే స్పూఫర్లు వీధికొకటి దొరుకుతున్నాయి, బ్యాన్ అయినవాడు సాయంత్రానికి కొత్త అకౌంట్‌తో వచ్చేసేవాడు. దీని ముందు ఆ ఆటలు సాగడం కష్టం, ఎందుకంటే నంబర్ ఊరికే చెప్తే సరిపోదు, ఆ తాళం తన దగ్గర ఉందని నిరూపించాలి. సర్వర్ ఒక రహస్యాన్ని ఆ తాళానికి మాత్రమే తెరుచుకునేలా పంపుతుంది, తెరిచినవాడే అసలువాడు. బయోస్‌లో టీపీఎం క్లియర్ కొట్టినా మిగతా తాళాలు పోతాయి కానీ ఇది పోదు. హార్డ్‌వేర్ బ్యాన్‌కి ఇంతకంటే మంచి ఆధారం ఇంకోటి లేదని ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు.

మంచిదే. కానీ ఆ తాళం ఎక్కడుంటుందో ఆలోచించారా? ఏఎమ్‌డీ, ఇంటెల్ మెషీన్లలో ఇవాళ చాలామంది వాడేది విడి చిప్ కాదు, ప్రాసెసర్, చిప్‌సెట్‌తో పాటే వచ్చే ఫర్మ్‌వేర్ టీపీఎం. సికింద్రాబాద్ సీటీసీలోనో, ఓఎల్ఎక్స్‌లోనో సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్, బోర్డు కాంబో కొనుక్కుని మొదటి పీసీ కట్టుకునే పిల్లలు మా దగ్గర చాలామంది. ఆ ప్రాసెసర్ ఇంతకుముందు చీటర్‌ది అయితే? వాడి శిక్ష వీడి నెత్తిన పడుతుంది. అప్పుడు వీడు సపోర్ట్‌కి రాస్తే వచ్చే సమాధానం తెలిసిందే, కాపీ పేస్ట్. బ్యాన్ ఎన్నాళ్లు ఉంటుంది, చేతులు మారిన హార్డ్‌వేర్‌కి అప్పీలు ఎలా, బిల్లు చూపిస్తే వింటారా, ఆ హ్యాష్‌ని ఇతర కంపెనీలతో పంచుకుంటారా, ఇవి రాసి పెట్టండి. కొనేముందు ఆ హ్యాష్ మీ గేమ్‌లో బ్యాన్ అయిందో లేదో చూసుకునే పేజీ ఒకటి పెడితే ఇంకా మంచిది. చీటర్లు దాన్ని దుర్వినియోగం చేస్తారంటారేమో, బ్యాన్ అయిన సంగతి చీటర్‌కి ఎలాగూ తెలుసు.

ఇప్పుడు ఆన్ చేసే పని దగ్గరికి వద్దాం. మీ ఎర్రర్ బాక్స్‌లో ఒక్క లైన్ ఉంటుంది, సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యండి అని, వాలరెంట్ అయితే `VAN9003` అనే నంబర్‌తో. స్విచ్ వేసినంత తేలిక అనుకుంటున్నారు. మా దగ్గర బాగా కనిపించే మెషీన్ ఒకటి తీసుకోండి: రైజెన్ 5 2600, బీ450 బోర్డు. బ్యాటిల్‌ఫీల్డ్ 6 కనీస అవసరాల్లో రాసిన ప్రాసెసరే ఇది, అంటే పాతదని తోసేయడానికి లేదు. కానీ విండోస్ 10 వేసినప్పుడు పాత పద్ధతిలో, అంటే పాత బయోస్‌లా బూట్ చేయించే సీఎస్ఎం ఆన్‌లో ఉంచి వేశారు. `msinfo32`లో `BIOS Mode` దగ్గర `Legacy` అని కనిపిస్తుంది. దీనికి మీ మాట విని నేరుగా సీఎస్ఎం ఆఫ్ చేస్తే విండోస్ బూటే అవ్వదు, ఎందుకంటే డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉంది. కుర్రాడికి బ్లాక్ స్క్రీన్, ఇంట్లో టెన్షన్, నాకు ఫోన్.

ముందు డేటా బ్యాకప్ తీసుకుని డిస్క్‌ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. విండోస్‌లోనే దానికి పనిముట్టు ఉంది. మొదట కుదురుతుందో లేదో చూసుకోవాలి, కుదిరితేనే మార్చాలి:

```
mbr2gpt /validate /disk:0 /allowFullOS
mbr2gpt /convert /disk:0 /allowFullOS
```

మొదటి లైన్ దగ్గరే మా వాళ్లు చాలామంది ఆగిపోతారు. మన షాపుల్లో డిస్క్ కొనగానే సీ, డీ, ఈ అని ముక్కలు చెయ్యడం అలవాటు. ఆ డీలు, ఈలు ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌లో ఉంటే ఈ పనిముట్టు ఒప్పుకోదు, ప్రైమరీలు మూడుకి మించినా ఒప్పుకోదు. అప్పుడు వాటిలో ఉన్నది బయట పెట్టుకుని, పార్టిషన్లు తీసేసి మళ్లీ రావాలి. ఇదంతా అయ్యాక సీఎస్ఎం ఆఫ్, ఎఫ్‌టీపీఎం ఆన్, సేవ్ చేసి రీస్టార్ట్, మళ్లీ బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ `Enabled`. అయిపోయిందనుకుంటారు. గేమ్ మళ్లీ అదే ఎర్రర్ ఇస్తుంది. బయోస్‌లో సరిగ్గా చూస్తే `Enabled` పక్కనే `Not Active` అని ఉంటుంది, చాలా బోర్డుల్లో ఇంతే. ఫర్మ్‌వేర్‌లో తాళాలు లేవు, ఇంకా సెటప్ మోడ్‌లో ఉంది, నమ్మడానికి జాబితా ఉంటే కదా పని చేసేది. అక్కడే `Restore Factory Keys` లాంటి పేరుతో ఉండేది నొక్కి సేవ్ చేస్తే `Active` అవుతుంది. మీ ఎర్రర్ బాక్స్‌కి ఈ తేడా తెలుసు. డిస్క్ ఎంబీఆరా, బోర్డు సెటప్ మోడ్‌లో ఉందా, టీపీఎం ఆఫ్‌లో ఉందా, ఇవి విండోస్‌లోంచే చదవగలిగినవి. చదవగలిగి కూడా ఒకే లైన్ చూపిస్తున్నారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

ల్యాప్‌టాప్‌లకి ఇంకో ప్రమాదం ఉంది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది, దాని తాళాన్ని టీపీఎం అదే పీసీఆర్ విలువల మీద ఆధారపడి తెరుస్తుంది. సెక్యూర్ బూట్ మార్చారంటే ఆ విలువలు మారతాయి, మరుసటి బూట్‌లో నీలి తెర, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, కానీ ఆ అకౌంట్ షాపువాడు తన ఈమెయిల్‌తో పెట్టి ఉంటే? మార్చినదాన్ని వెనక్కి తిప్పినా తెరుచుకోకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. బయోస్‌లోకి వెళ్లేముందు రికవరీ కీ రాసిపెట్టుకుని, `manage-bde -protectors -disable C: -RebootCount 0` కొట్టి, పని అయ్యాక మళ్లీ `-enable` చేస్తే ఈ గొడవే ఉండదు. ఈ రెండు వాక్యాలు స్టెప్పుల కింద ఎక్కడో కాదు, పైన ఉండాలి.

ఇంత కష్టపెట్టి మీకు దక్కేది ఎంత అన్నది కూడా మాట్లాడుకుందాం. బూట్‌కి ముందు లేచే చీట్లు తగ్గుతాయి, బ్యాన్‌లు గట్టిపడతాయి, ఒప్పుకుంటాను. కానీ 2023 జనవరిలో బయటపడింది గుర్తుందా, ఎంఎస్ఐ బోర్డులు దాదాపు 300 మోడల్స్‌లో సెక్యూర్ బూట్ ఆన్ అని చూపిస్తూనే, డిఫాల్ట్‌గా `Always Execute` అని పెట్టి, సంతకం చెడిపోయిన ఫైల్‌ని కూడా నడిపేస్తోందని. స్విచ్ స్థితి మాత్రమే చూసే యాంటీ-చీట్‌కి అది పచ్చలైటే. ఇక డీఎంఏ కార్డులు. పీసీఐ స్లాట్‌లో కార్డు పెట్టి, పక్క పీసీలోంచి గేమ్ మెమరీ చదివేవాడికి విండోస్ బూట్ ఎంత శుభ్రంగా అయిందన్నది అనవసరం. దానికి కార్డులు ఏ మెమరీని తాకొచ్చో కట్టడి చేసే ఐఓఎంఎంయూ కావాలి, అదీ 2025 డిసెంబర్‌లో తేలిందేంటంటే, కొన్ని కంపెనీల బోర్డుల్లో అది ఆన్ అని చెప్తూనే బూట్ మొదట్లో సరిగ్గా పనిచెయ్యట్లేదని. వాలరెంట్ తయారుచేసే రయట్ వాళ్లే కనిపెట్టి బయటపెట్టారు, బయోస్ అప్‌డేట్లు వచ్చాయి. ఇది మెచ్చుకోవాల్సిన పని, ఎందుకంటే ఆ తప్పు ఆటగాడిది కాదు, బోర్డు తయారుచేసినవాడిదని స్పష్టంగా చెప్పారు.

ఇంకోటి, రాబోయేది. సెక్యూర్ బూట్‌లో మైక్రోసాఫ్ట్ 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది, వాటి బదులు 2023వి ఎక్కుతాయి. అంటే `db` మారుతుంది, బూట్ లోడర్‌ని ఒప్పుకున్న సర్టిఫికెట్ మారుతుంది, పీసీఆర్ 7 మారుతుంది. ఏ తప్పూ చెయ్యని ఆటగాడి విలువ ఒక మంగళవారం అప్‌డేట్ తర్వాత వేరేగా కనిపిస్తుంది. మీ సర్వర్లు లాగ్ చదివి అర్థం చేసుకుంటాయా, పాత విలువతో పోల్చి అనుమానిస్తాయా అన్నది ముందే తేల్చండి, ర్యాంక్డ్ మ్యాచ్ మధ్యలో కాదు. బయోస్ అప్‌డేట్లు రాని పాత బోర్డులవాళ్లకి ఏం చేస్తారో కూడా చెప్పండి.

చివరిగా, ఎర్రర్ బాక్స్‌లో ఏం రాయాలో మీకు టైం లేకపోతే నేను రాసిచ్చింది వాడుకోండి, డబ్బులు అక్కర్లేదు: "మీ టీపీఎం బాగానే ఉంది. సెక్యూర్ బూట్ ఆన్ చేశారు కానీ బోర్డులో తాళాలు లేవు, ఫ్యాక్టరీ కీస్ రీస్టోర్ చెయ్యండి. బయోస్‌లోకి వెళ్లేముందు బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి. మేము చదివేవి: బూట్ లాగ్, దాన్ని సరిచూడటానికి కావలసిన పీసీఆర్ విలువలు, మీ టీపీఎం తాళం హ్యాష్. ఆ హ్యాష్‌ని మా దగ్గర ఇన్ని నెలలు ఉంచుతాం." ఆ ఆఖరి వాక్యంలో నెలల సంఖ్య మాత్రం మీరే పూరించాలి.